ముందు కుండీ ఎత్తి చూడండి

"మా బాల్కనీలో కుండీలో పెంచుతున్న మందారం ఇది, ఫోటో పంపుతున్నాను. పది రోజులుగా ఆకులు పసుపుపచ్చగా అయిపోయి వాలిపోతున్నాయి, రోజుకి నాలుగైదు రాలుతున్నాయి. ఏ ఎరువు వేస్తే బాగవుతుంది? మందు ఏమైనా కొట్టాలా? కాస్త త్వరగా చెప్పండి, రోజూ చూస్తుంటే బాధగా ఉంది."

ఎరువు వద్దు, మందూ వద్దు, కనీసం ఈ వారం. ఒకవేళ ఆ రెండింట్లో ఏదైనా ఇప్పటికే వేసేసి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి, నేనేమీ అననులెండి, అందరం చేసే పనే అది.

మీ ఫోటోని చాలాసేపు చూశాను. కింది కొమ్మల మీద ఆకులు పండినట్టు పసుపుగా ఉన్నాయి, పైన ఉన్నవి ఇంకా పచ్చగానే ఉన్నా తొడిమ దగ్గర మెడ వాల్చేశాయి. అంచులు మాత్రం ఎండి కరకరలాడుతున్నట్టు కనిపించడం లేదు, మెత్తగా ఉన్నట్టున్నాయి. అంతకు మించి నాకేమీ తెలియలేదు. ఎందుకంటే ఫోటోలో ఉన్నదల్లా మొక్క తల, నడుము. కుండీ పైఅంచు దగ్గర ఫోటో ఆగిపోయింది. మట్టి లేదు, కుండీ అడుగు లేదు, అది ఏ మూల ఉందో లేదు, ఎండ ఎటునుంచి వస్తుందో లేదు. మీ మొక్కకి ఏమైందో చెప్పే సంగతులన్నీ ఆ అంచు కిందే ఉన్నాయి.

ఇంకో మాట, ఫోటో సాయంత్రం లైటు వేశాక తీసినట్టుంది. పసుపు లైటు కింద ఏ ఆకైనా కాస్త పండినట్టే కనిపిస్తుంది. ఈసారి పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట తీయండి, ఆకు పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని తీయండి. ఫోటోలో ఆ కాగితం తెల్లగా కనిపిస్తే ఆకు రంగు కూడా నిజమే అనుకోవచ్చు, కాగితమే పసుపుగా వస్తే ఆ రంగుని నమ్మి నేను ఏమీ చెప్పలేను.

ఇంతగా ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. వాలిపోయిన పసుపు ఆకు అనేది రెండు పూర్తిగా వ్యతిరేకమైన కారణాలకి వచ్చే ఒకే లక్షణం. నీళ్లు చాలకపోయినా ఆకు ఇలాగే వాలుతుంది, నీళ్లు ఎక్కువైనా ఇలాగే వాలుతుంది. మొదటిదానికి నీళ్లు పోయాలి, రెండోదానికి నీళ్లు ఆపాలి. ఫోటో చూసి నేను అటో ఇటో ఊహించి చెప్తే, తప్పినప్పుడు మీ మొక్క నా సలహాతోనే చస్తుంది.

నీళ్లు ఎక్కువైతే వాడిపోవడం ఏమిటి, విరుద్ధంగా ఉందే అనిపిస్తుంది. ఆకు నిటారుగా నిలబడేది లోపల ఉన్న నీటి బిగువు వల్ల, గాలి నిండిన సైకిల్ ట్యూబు లాగా. ఆ నీళ్లు తెచ్చి ఇవ్వాల్సింది వేళ్లు. వేళ్లు బతికున్న వస్తువులు, వాటికీ ఊపిరి కావాలి, ఆ గాలి వాటికి మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోంచి దొరుకుతుంది. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్లతో నిండి ఉంటే గాలి అందక వేళ్లు నీళ్లు తీసుకునే పని మానేస్తాయి, తర్వాత చనిపోతాయి, చచ్చిన వేళ్లకి బూజు జాతి తెగుళ్లు పట్టి కుళ్లు పైకి పాకుతుంది. దీన్నే వేరుకుళ్లు అంటారు. అప్పుడు మొక్క నీళ్లలో నిలబడి దాహంతో అల్లాడుతుంది. పైన ఆకులు వాలిపోతాయి, అది చూసి మనం అయ్యో అని ఇంకో మగ్గు పోస్తాం. బాల్కనీ మొక్కలు చాలావరకు ఇలాగే పోతాయి, ప్రేమగా పోసిన ఆ చివరి మగ్గులతో.

అందుకే మొదటి ప్రశ్న నీళ్ల గురించి. దీనికి "రోజూ ఒక మగ్గు పోస్తానండి" అని మాత్రం రాయకండి, ఆ జవాబుతో నాకు ఏమీ తెలియదు. ఎంత పోశారన్నది కాదు నేను అడిగేది, పోయబోయే ముందు లోపల మట్టి ఎలా ఉంది అన్నది. పైన ముట్టుకుని చూశాను, ఎండిపోయి ఉంది అంటారేమో, పైన అంగుళం ఎప్పుడైనా త్వరగా ఆరుతుంది. ముఖ్యంగా కోకోపీట్ కలిపిన మట్టి పైన లేత రంగులో పొడిపొడిగా ఉండి లోపల పిండితే నీళ్లు కారేంత తడిగా ఉంటుంది. చాలామందిని మోసం చేసేది ఇదే.

ఒక సన్నటి చెక్క పుల్ల తీసుకోండి, రంగు వేయనిది, జానెడు పొడవుంటే చాలు. కుండీ గోడకీ కాండానికీ మధ్యలో, వేళ్లు తెగకుండా నెమ్మదిగా తిప్పుతూ నాలుగైదు అంగుళాలు దించండి. ఐదు నిమిషాలు అలాగే ఉంచి తీయండి. పుల్ల ఎక్కడిదాకా రంగు మారింది, మట్టి ఎక్కడ అంటుకుంది, కొస చల్లగా ఉందా అన్నది చూడండి. కొస పొడిగా వస్తే లోపల బెట్టగా ఉన్నట్టు. కొద్దిగా రంగు మారి, రెండు మూడు రేణువులు అంటుకుని వస్తే మట్టి మంచి పదునులో ఉన్నట్టు. బురద పూసినట్టు వస్తే, అదీ నీళ్లు పోసి మూడు రోజులైన తర్వాత కూడా అలా వస్తే, మీ సమస్య సగం తెలిసిపోయినట్టే. ఆ కొసని ఒకసారి వాసన చూడండి, సిగ్గుపడకండి. మంచి మట్టికి వాన పడ్డప్పుడు వచ్చే వాసన ఉంటుంది. మురుగు కాలవ వాసన వస్తే లోపల గాలి లేదని అర్థం.

పుల్ల కంటే కూడా నాకు నమ్మకమైనది బరువు. నీళ్లు నిండా పోసి కారడం ఆగాక కుండీని ఒకసారి రెండు చేతులతో ఎత్తి చూడండి, ఆ బరువు చేతులకి గుర్తుంటుంది. తర్వాత రోజూ ఒకసారి కాస్త పైకి లేపి చూడండి. నాలుగు రోజులైనా బరువు తగ్గకపోతే మొక్క తాగడం లేదన్నమాట, తాగే మొక్క ఉన్న కుండీ తేలికవ్వాలి. ఇదొక్కటి అలవాటైతే ఇంక ఏ పుల్లా అక్కర్లేదు.

వాలిపోవడం ఎప్పుడు చూశారన్నది కూడా రాయండి. మధ్యాహ్నం రెండింటికి మండే ఎండలో మందారం ఆకులు వాల్చడం పెద్ద విషయం కాదు, వేళ్లు తెచ్చే నీటికంటే ఆకులు వదిలే నీరు ఆ కాసేపు ఎక్కువగా ఉంటుంది, పొద్దు వాలాక దానంతటదే లేస్తుంది. తెల్లవారుజామున, ఎండ ఇంకా రానప్పుడు కూడా తల వాల్చి ఉంటేనే అది నిజమైన జబ్బు. కాబట్టి రేపు పొద్దున్న లేవగానే చూసి చెప్పండి.

అసలు నీళ్లు చాలని మొక్క అయితే గుర్తులు వేరుగా ఉంటాయి. ఆకు పట్టుకుంటే పల్చగా కాగితంలా ఉంటుంది, అంచులు గోధుమరంగుకి తిరిగి పొడుం అవుతాయి, మట్టి ముడుచుకుపోయి కుండీ గోడకీ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు పడుతుంది. ఇక్కడో చిక్కుంది. ఆ దశలో నీళ్లు పోస్తే అవి ఆ సందులోంచి గోడ వెంటే జారి క్షణంలో కిందికి వచ్చేస్తాయి, మనం "అబ్బ, నీళ్లు బాగా కారుతున్నాయి" అనుకుంటాం, మధ్యలో వేళ్ల ముద్ద మాత్రం చుక్క తడవదు. అలాంటి కుండీని బకెట్లో సగానికి పైగా నీళ్లు పోసి అరగంట అందులో కూర్చోబెట్టాలి, మట్టి మెల్లగా అడుగునుంచి పీల్చుకుంటుంది, తర్వాత తీసి పూర్తిగా ఓడ్చాలి. ఈ మొక్కలు గంటల్లో లేచి నిలబడతాయి. మీది ఈ రకం అయితే అదృష్టవంతులు.

రెండో ప్రశ్న ఎండ. "వెలుతురు బాగానే ఉంటుంది" అన్న జవాబు కూడా నాకు పనికిరాదు. మన కళ్లు చీకటికీ వెలుగుకీ ఇట్టే సర్దుకుపోతాయి కాబట్టి నీడ కూడా మనకి వెలుతురుగానే కనిపిస్తుంది, ఫోను కెమెరా అయితే నీడని ఇంకా వెలిగించి చూపిస్తుంది. గడియారం ప్రకారం చెప్పండి. నేరుగా ఎండ పొడ ఆకు మీద ఎన్నింటికి పడుతుంది, ఎన్నింటికి పోతుంది? బాల్కనీ నేల మీద కాదు, ఆకు మీద. పిట్టగోడ పక్కన కింద పెట్టిన కుండీకి, అదే చోట స్టూలు మీద పెట్టిన కుండీకి రెండు గంటలు తేడా రావచ్చు. మందారానికి రోజుకి ఐదారు గంటల ఎండ ఉంటే పూస్తుంది, అంతకంటే బాగా తగ్గితే బతుకుతుంది కానీ తాగడం తగ్గిస్తుంది.

ఈ చివరి మాట పట్టుకోండి. ఎండకీ నీళ్లకీ లెక్క ఒకటే. ఎండ తగ్గితే ఆకులు వదిలే నీరు తగ్గుతుంది, వేళ్లు తీసుకునే నీరు తగ్గుతుంది, రెండు రోజుల్లో ఆరే కుండీకి వారం పట్టవచ్చు. మీ మగ్గు మాత్రం మారదు. కాబట్టి ఈ నెల రెండు నెలల్లో ఏం మారిందో ఆలోచించండి. కుండీ జరిపారా, పైన ఏదైనా నెట్ కట్టారా, మబ్బు పట్టి ఉందా, ఎదురుగా ఏదైనా కట్టడం లేచిందా, కాలం మారి ఎండ వాలు మారిందా? ఏడాదిగా ఇలాగే పోస్తున్నాను, ఎప్పుడూ ఏమీ కాలేదు అంటారు చాలామంది. పోయడం మారలేదు నిజమే, తాగడం మారి ఉంటుంది.

మూడోది నీళ్లు బయటికి పోయే దారి, దీని దగ్గర నేను కాసేపు ఆగుతాను. కుండీకి చిల్లు ఉందా అంటే అందరూ ఉందనే అంటారు. చిల్లు ఉండటం వేరు, దాంట్లోంచి నీళ్లు పోవడం వేరు. అడుగు చదునుగా ఉన్న ప్లాస్టిక్ కుండీని నున్నటి టైలు మీద పెడితే ఆ చిల్లు టైలుకి అతుక్కుని బిరడా పెట్టినట్టు మూసుకుపోతుంది. ఇంకొన్నిటికి లోపలినుంచి వేళ్లే వచ్చి చిల్లుని అల్లేస్తాయి. కొందరు చిన్న కుండీని అలాగే తీసుకెళ్లి అందంగా ఉండే పెద్ద కుండీలో దించుతారు, ఆ పైకుండీకి చిల్లు ఉండదు, అడుగున రెండంగుళాల నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి, పైనుంచి చూసే వాళ్లకి ఏమీ తెలియదు. కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లు పారబోయకపోయినా అంతే సంగతి. కాబట్టి కుండీని పక్కకి వంచి అడుగు చూడండి, వేలు పెట్టి చిల్లు తెరిచి ఉందో లేదో చూడండి, అది ఉన్న చోట టైలు మీద గుండ్రటి తడి మరకో పాచి పట్టిన పచ్చదనమో ఉందేమో చూడండి.

తర్వాత ఒక లీటరు నీళ్లు కొలిచి మెల్లగా పోసి గడియారం చూడండి, కానీ పుల్ల బురదగా వచ్చి ఉంటే ఈ పరీక్ష ఇప్పుడు చేయకండి. పోసిన నీళ్లు పైన చెరువులా నిలబడి నాలుగైదు నిమిషాలైనా దిగకపోతే మట్టి గట్టిపడిపోయింది. పోసిన వెంటనే అన్నీ కిందికి వచ్చేస్తే పైన చెప్పిన బెట్ట సంగతి. పైన చకచకా ఇంకిపోయి కిందనుంచి ఒక్క చుక్క కూడా రాకపోతే, అప్పటికే కుండీ బరువుగా ఉంటే, అడుగు మూసుకుపోయి ఉంది.

అడుగున గులకరాళ్లు వేశానండీ, నీళ్లు నిలవవు అంటారేమో. ఇది చాలా పాత నమ్మకం, నేనూ ఏళ్ల తరబడి వేశాను. అంట్లు తోమే స్పాంజి ఒకటి తీసుకుని నీళ్లలో పూర్తిగా నానబెట్టి, అరచేతి మీద పడుకోబెట్టి పట్టుకోండి. కాసేపు చుక్కలు కారి ఆగిపోతాయి. ఆగిన తర్వాత పిండకుండా అదే స్పాంజిని నిలువుగా నిలబెట్టండి, మళ్లీ నీళ్లు కారతాయి. మట్టి కూడా ఈ స్పాంజి లాంటిదే, అడుగున కొంత మందాన నీటిని వదలకుండా పట్టుకుంటుంది, ఆ మందం మట్టి రకాన్ని బట్టి ఉంటుంది గానీ కుండీ ఎత్తుని బట్టి కాదు. రాళ్లు వేస్తే ఏమవుతుందంటే, రాళ్లని ఆనుకుని ఉన్న మట్టి నీళ్లతో పూర్తిగా నిండేదాకా నీళ్లు రాళ్లలోకి దిగవు, ఆ తడి పొర రాళ్ల పైకి వచ్చి కూర్చుంటుంది, అంటే వేళ్లకి ఇంకా దగ్గరగా. చిల్లు మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో చిన్న జాలీ ముక్కో చాలు. నీళ్లు పోశాక కుండీని ఒక పక్కకి కాసేపు వంచి పెట్టి చూడండి, స్పాంజి నిలబెట్టినట్టే, ఇంకో గ్లాసు నీళ్లు వస్తాయి.

ఇంకొక దొంగ కూడా ఉంటుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద గట్టిగా ఉంటుంది. దాన్ని అలాగే దించి చుట్టూ గుల్ల మట్టి నింపితే, చుట్టూ ఉన్న మట్టి ఒక తీరుగా ఆరుతుంది, మధ్యలో ముద్ద ఇంకో తీరుగా. మనం వేలు పెట్టేది చుట్టూ ఉన్న మట్టిలో, వేళ్లు ఉన్నది ముద్దలో. మీ మొక్క కొత్తదైతే పుల్లని ఆ ముద్దలోకి కూడా ఒకసారి దించి చూడండి.

నేనెందుకు ఇంత పట్టుదలగా ఈ మూడూ ముందు అడుగుతున్నానో మా వదిన మందారం సంగతి చెప్తే తెలుస్తుంది. సరిగ్గా మీలాగే ఫోటో పంపింది, మొక్క మాత్రమే ఉన్న ఫోటో. కింది ఆకులు పసుపు, పైవి వాలి ఉన్నాయి. నేను కూడా పెద్ద మొనగాడిలాగా ఒక్క చూపు చూసి "నత్రజని తక్కువైంది వదినా, పాత ఆకుల్లోంచి కొత్త ఆకులకి లాక్కుంటోంది, ఎరువు వెయ్యి" అని చెప్పేశాను. ఆ మాట పుస్తకం ప్రకారం తప్పు కాదు, నత్రజని లోపం నిజంగా కింది ఆకుల్లోనే ముందు కనిపిస్తుంది. కానీ ఆకులు రాలే వేగం చూడలేదు, వాలడం ఎందుకో ఆలోచించలేదు. వారం తిరిగేసరికి పచ్చగా ఉన్న పై ఆకులు కూడా పోయాయి. చావబోతున్న వేళ్ల మీద ఎరువు ఉప్పులు పడితే అవి ఉన్న నీళ్లు కూడా తీసుకోలేవు, నేను చేయించింది అదే.

అప్పుడు వెళ్లి చూశాను. పన్నెండు అంగుళాల ప్లాస్టిక్ కుండీ, నీళ్లు పోసి మూడు రోజులైందట, ఒంటిచేత్తో కదపలేకపోయాను. పక్కకి వంచగానే పట్టు ఊడినట్టు చప్పుడు చేసి అడుగునుంచి నల్లటి నీళ్లు జారాయి, ఆ వాసనకి వదిన చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. టైలు మీద కుండీ అడుగు అచ్చు పడినట్టు పచ్చటి పాచి వలయం. చిల్లు టైలుకి అతుక్కుని మూసుకుపోయి ఎన్నాళ్లయిందో. మరి అంతకుముందు ఏడాదంతా ఎలా బతికింది అని అడిగాను. నెల కిందట ఎండ ఎక్కువగా వస్తోందని రెయిలింగుకి ఆకుపచ్చ నెట్ కట్టించారు. అంతకుముందు మంచి ఎండ ఉన్నప్పుడు చిల్లు మూసుకుపోయినా మొక్కే ఆ మగ్గు నీళ్లన్నీ తాగేసేది, నెట్ కట్టాక తాగడం తగ్గింది, మగ్గు ఆగలేదు, బయటికి దారి లేదు. నీళ్లు, ఎండ, చిల్లు, మూడింటిలో ఏ ఒక్కటీ విడిగా ఆ మొక్కని చంపేది కాదు. ఈ మూడూ నేను ఫోను మీదే అడిగి ఉంటే ఆ నెట్ మాట అప్పుడే బయటపడేది.

మొక్కని కుండీలోంచి తీశాం. పైన సగం మట్టి మామూలుగా ఉంది, వేళ్లు తెల్లగా లేత గోధుమరంగులో గట్టిగా ఉన్నాయి. అడుగు మూడంగుళాలు నల్లటి పేస్టు. అక్కడ వేరుని రెండు వేళ్లతో పట్టుకుని లాగితే పై తొడుగు మెత్తగా జారి వచ్చేసి లోపల సన్నటి దారంలాంటిది మాత్రం మిగిలింది. కుళ్లిన వేరుకి ఇంతకంటే ఖాయమైన గుర్తు లేదు. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో అవన్నీ గట్టి భాగం తగిలేదాకా కత్తిరించాం, మొత్తం వేళ్లలో మూడో వంతు పోయి ఉంటాయి. పైన కూడా కొమ్మల్ని మూడో వంతు తగ్గించాం, మిగిలిన వేళ్లు అన్ని ఆకుల్ని పోషించలేవు కాబట్టి. పెద్ద కుండీలోకి మార్చలేదు, పది అంగుళాల దాంట్లోకి దించాం. వేళ్లు తగ్గిన మొక్కకి పెద్ద కుండీ ఇస్తే తాగేవాళ్లు లేని మట్టి ఎక్కువై మళ్లీ తడి నిలుస్తుంది. తోటమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, బాగా మాగిన కంపోస్టు రెండు గుప్పెళ్లు, అంతే. కుండీ కింద మూడు టైలు ముక్కలు పెట్టి అరంగుళం పైకి లేపాం.

ఒకసారి నీళ్లు నిండా పోసి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టాం. మళ్లీ నీళ్లు పోసింది ఆరో రోజు, అదీ పుల్ల దించి చూశాక. ఈలోగా ఇంకో ఏడాకులు రాలాయి, వదిన రోజూ ఫోను చేసి "పోయిందిరా" అనేది. కొత్తగా వేళ్లు పుట్టేదాకా ఆకులు రాలడం ఆగదు. పద్దెనిమిదో రోజు ఒక కొమ్మ మీద ఆకు రాలిపోయిన మచ్చ పక్కన గోరు కొసంత చిగురు కనిపించింది. నెల దాటాక మెల్లగా ఎండలోకి జరిపాం, కొత్త ఆకులు నాలుగైదు పూర్తిగా విచ్చుకున్నాకే ఎరువు, అదీ సగం మోతాదు.

మీ మొక్క విషయంలో నా అనుమానం ఇటే ఉంది, అంచులు ఎండకుండా మెత్తగా వాలాయి కాబట్టి. కానీ అనుమానం మీద మొక్కని పీకించను. మీరు పుల్ల దించి చూసి, అది పొడిగా వస్తే బకెట్ వైద్యం చేయండి. పదునుగా వస్తే నీళ్లు ఏమీ ముట్టుకోకుండా ఆకు అడుగు భాగం చూడండి. తెల్లటి దూదిలాంటిది ఉంటే పిండినల్లి, కొత్త చిగుళ్ల మీద గుంపుగా చిన్న పురుగులు ఉండి ఆకు జిగురుగా ఉంటే పేనుబంక, వాటి సంగతి వేరే చెప్తాను. ఈమధ్యే కుండీ ఒకచోటినుంచి ఇంకోచోటికి మార్చి ఉంటే మందారం అలిగి కొన్ని ఆకులు పండించి రాల్చడం మామూలే, అది దానంతటదే సర్దుకుంటుంది. పసుపు కొత్త ఆకుల్లో ఉండి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు, అయితే అది కూడా తడి ఎక్కువైన వేళ్ల వల్ల రావచ్చు, కాబట్టి అప్పుడైనా మట్టే ముందు చూడాలి.

పుల్ల బురదగా వచ్చిందా, ఈరోజే నీళ్లు ఆపేయండి, పళ్లెం తీసేయండి, కుండీని వంచి ఉన్న నీళ్లు ఓడ్చండి, చిల్లు తెరిచి కింద ఎత్తు పెట్టండి, నడి ఎండలోంచి తీసి వెలుతురున్న నీడలో పెట్టండి. మూడు రోజుల్లో బరువు తగ్గడం మొదలైతే వేళ్లు ఇంకా పనిచేస్తున్నాయి, కదపకుండా అలాగే ఆరనివ్వండి. బరువు తగ్గకపోయినా, కింద మురుగు వాసన వచ్చినా అప్పుడు బయటికి తీసి వేళ్లు చూడాలి. కాండాన్ని మట్టి దగ్గర గోటితో కొద్దిగా గీరి చూడండి, లోపల పచ్చగా తడిగా ఉంటే మొక్క ఇంకా బతికే ఉంది. అక్కడే మెత్తబడి నల్లగా ఉంటే ఆ వేళ్లతో ఇంక లాభం లేదు, పైన పచ్చగా ఉన్న కొమ్మలు జానెడు ముక్కలుగా రెండు మూడు కోసి ఇసుకలో గుచ్చండి, మందారం కొమ్మ నుంచి బాగానే పడుతుంది.

పసుపైపోయిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటి కోసం ఎదురుచూడకండి. అవి ఎన్ని రాలాయో లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడటం కంటే కొమ్మల కొసలు చూడండి.

ఇప్పుడు మీరు పంపాల్సినవి: కుండీ మొత్తం కనిపించేలా పగలు తీసిన ఫోటో, మట్టి పైభాగం ఫోటో, వంచి తీసిన అడుగు ఫోటో, ఐదు నిమిషాలు ఉంచి తీసిన పుల్ల తెల్ల కాగితం మీద పెట్టి ఒక ఫోటో. చివరిసారి నీళ్లు ఏ రోజు పోశారు, ఆకు మీద ఎండ ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా పడుతుంది, ఈ రెండు నెలల్లో ఏం మారింది, అవి రెండు ముక్కల్లో రాయండి. అవి వచ్చేదాకా ఆ మగ్గు లోపల పెట్టేయండి.